చదివేవాళ్ళు లేని ఉత్తరం

మా బాబాయి కూతురు నర్సు. హైదరాబాదులో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది, అందులో ఆరేళ్ళు ఐసీయూలోనే. యూకే వెళ్దామని ఓఈటీ రాసింది. ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్ అని, వైద్యరంగంలో పనిచేసేవాళ్ళ కోసం ఆస్ట్రేలియాలో పుట్టిన పరీక్ష అది. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడూ దాటేసింది. రైటింగులో మొదటిసారి 280, రెండోసారి 290. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ మిగతా మూడింటిలో 350 అడుగుతుంది, రైటింగులో 300 వస్తే చాలంటుంది. అంటే మా చెల్లెలు ఎక్కువ అడిగిన చోట్ల గెలిచి, తక్కువ అడిగిన చోట ఓడింది. ఒక్కోసారి రాయడానికి అయ్యే ఫీజు తన నెల జీతం కంటే ఎక్కువ.

"అన్నయ్యా, నువ్వు పుస్తకాల మీద ఏవేవో రాస్తుంటావు గదా, నా లెటర్లు ఒకసారి చూసిపెట్టు" అని కోచింగులో రాసిన 23 ఉత్తరాలు పంపింది. ఆదివారం పొద్దున కూర్చుని చదివాను. సాయంత్రానికి నాకు కోపం వచ్చింది. తన మీద కాదు. వేలకు వేలు తీసుకుని తనకు ఆ ఉత్తరాలు రాయడం నేర్పినవాళ్ళ మీద.

ముందు ఆ పరీక్షలో ఏమడుగుతారో చెప్పాలి. ఒకటిన్నర, రెండు పేజీల కేస్ నోట్సు ఇస్తారు. పేషెంటు ఎవరు, ఎందుకు చేరారు, ఏ రోజు ఏం జరిగింది, మందులు, పాత జబ్బులు, ఇంట్లో పరిస్థితి, అన్నీ పొడిపొడి ముక్కల్లో ఉంటాయి. చివర ఒక వాక్యం ఉంటుంది: ఫలానా వ్యక్తికి ఉత్తరం రాయండి అని. ఎక్కువసార్లు అది రిఫరల్ లెటరు, అంటే ఈ పేషెంటు బాధ్యతని ఇకనుంచి మీరు తీసుకోండని ఇంకొకరికి రాసేది. మొత్తం 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు చదవడానికే, పెన్ను ముట్టకూడదు. మిగిలిన 40 నిమిషాల్లో సుమారు 180 నుంచి 200 పదాల ఉత్తరం రాయాలి.

నోట్సులో ఉన్నవన్నీ పూర్తి వాక్యాలుగా మారిస్తే 200 పదాల్లో పట్టవు. కావాలనే అలా తయారుచేస్తారు. కాబట్టి పరీక్ష మొదలయ్యేది రాయడంతో కాదు, వదిలేయడంతో. ఏది వదలాలో నోట్సు చెప్పదు. ఉత్తరం ఎవరికి రాస్తున్నామో ఆ మనిషిని బట్టే తేలుతుంది.

23 ఉత్తరాల్లో నాకు కనబడనిది సరిగ్గా ఆ మనిషే.

అన్నీ ఒకేలా మొదలయ్యాయి: "ఐ యామ్ రైటింగ్ టు రిఫర్ దిస్ పేషెంట్, హూ ఈజ్ బీయింగ్ డిశ్చార్జ్డ్ టుడే అండ్ రిక్వయిర్స్ యువర్ ఫర్దర్ కేర్ అండ్ మేనేజ్‌మెంట్." ఫర్దర్ కేర్ అంటే ఏ కేర్? ఏం మేనేజ్ చెయ్యాలి? కట్టు మార్చాలా, అన్నం తినిపించాలా, నడిపించాలా? ఆ వాక్యం ఏ పేషెంటుకైనా సరిపోతుంది, అందుకే ఏ పేషెంటుకూ సరిపోదు. రెండో పేరా: చేరిన రోజు, ఆ మర్నాడు, ఆ పై రోజు. మూడో పేరా: పాత జబ్బులు. నాలుగో పేరా: ఇల్లూ వాకిలీ. ఐదో పేరా: "ఇట్ వుడ్ బీ గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ..." అని ఒక తప్పుతో మొదలయ్యే విన్నపం. కోచింగు సారు ఎర్ర పెన్నుతో ఆ 'ఇట్'ని 'ఐ' చేశారు. ఆర్టికల్సు, ప్రిపొజిషన్సు దిద్దారు. ఉత్తరం పొడుగునా ఆయన దిద్దినది ఇంగ్లిషుని మాత్రమే.

మార్కులు ఎలా వేస్తారో దాచిన రహస్యమేం కాదు. 2019 నుంచీ ఆరు కొలతలు ఉన్నాయి. పర్పస్‌కి 3. కంటెంట్, కన్సైజ్‌నెస్ అండ్ క్లారిటీ, జానర్ అండ్ స్టైల్, ఆర్గనైజేషన్ అండ్ లేఅవుట్, లాంగ్వేజ్, ఈ ఐదింటికీ తలా 7. మొత్తం 38. ఇందులో వ్యాకరణం, స్పెల్లింగు, పదాలు వచ్చేది చివరి ఏడులో. మిగతా 31 వేరే ప్రశ్నలకి: ఎందుకు రాస్తున్నావో వెంటనే తెలిసిందా, కావలసినవన్నీ ఉన్నాయా, అక్కర్లేనివి తీసేశావా, చదివే మనిషికి తగినట్టు మాట్లాడావా, ముఖ్యమైనది ముందు పెట్టావా. 38లో 7కి ఎర్ర పెన్ను అరగదీసి, 31కి ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టి పంపించడాన్ని కోచింగు అంటున్నాం.

మాటలతో తేలదు, ఒక కేసు తీసుకుందాం. నేనూ మా చెల్లెలూ కూర్చుని సాధన కోసం కల్పించుకున్నది ఇది. వైద్యం సంగతులు తనవి, తికమకలు నావి.

ఇంగ్లండులో ఒక ఊరు. 68 ఏళ్ళ ఆవిడ, భర్త పోయారు, ఒంటరిగా ఉంటుంది. స్కూల్లో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైంది. పన్నెండేళ్ళుగా షుగరు. బీపీకి మాత్రలు. 1979లో అపెండిక్స్ ఆపరేషను. పెన్సిలిన్ పడదు, దద్దుర్లు వస్తాయి. ఎడమ మడమ మీద పుండు చీము పట్టి, 38.6 జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. నాలుగు రోజులు సెలైన్‌లో యాంటీబయాటిక్, తర్వాత క్లిండమైసిన్ మాత్రలు, ఇంకా ఐదు రోజులవి మిగిలాయి. మూడో రోజు నిద్ర సరిగా పట్టలేదు. హెచ్‌బీఏ1సీ 9.8 శాతం, మాత్రలతో షుగరు ఆగడం లేదని కొత్తగా మిక్స్‌డ్ ఇన్సులిన్ మొదలుపెట్టారు, పొద్దున టిఫినుకు ముందు 14 యూనిట్లు, రాత్రి భోజనానికి ముందు 8. ఆరో రోజు రాత్రి చెమటలు, వణుకు. షుగరు చూస్తే 3.2 మిల్లీమోల్స్, మన లెక్కలో 58 దాకా. జ్యూసు తాగించారు, తేరుకుంది. ఇబ్బంది పెట్టడం ఎందుకని నర్సుని తను పిలవలేదు. ఇప్పుడు పుండు 3 సెంటీమీటర్లు బై 2, శుభ్రంగా ఉంది. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. మడమ మీద బరువు వెయ్యకూడదు. కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయి, ఇన్సులిన్ పెన్ను మీద అంకెలు ఆనవు. ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కింది వాటా ఆవిడ దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. కూతురు ఆదివారాలు వస్తుంది. కుండీల్లో మొక్కలు పెంచడం సరదా. ఒక్కదానికి వండుకోవడం ఎందుకని చాలా రాత్రులు భోజనం మానేస్తుంది. రేపు డిశ్చార్జి. ఇంటికొచ్చి చూసే కమ్యూనిటీ నర్సుకి ఉత్తరం రాయండి.

మా చెల్లెలు కోచింగు పద్ధతిలో రాసిన మొదటి చిత్తులో జ్వరం వచ్చింది, సెలైన్ వచ్చింది, మూడో రోజు నిద్ర పట్టకపోవడం వచ్చింది, అపెండిక్స్ కూడా వచ్చింది. ఆరో రోజు వణుకు ఆరో రోజు వంతు వచ్చాక వచ్చింది, రెండో పేరా చివర, మామూలు సంగతిలా. మొక్కలూ రాత్రి భోజనమూ నోట్సులో పక్కపక్కనే ఉన్నాయి గనక, పదాలు మించిపోతున్నాయని రెండింటినీ కలిపి కొట్టేసింది.

"ఈ ఉత్తరం అందుకున్న నర్సువి నువ్వే అనుకో. ఆ ఇంటికి వెళ్ళావు. మొదటి వారం దేనికి భయపడతావు?" అని అడిగాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రాత్రి ఇన్సులిన్ వేసుకుని అన్నం తినకుండా పడుకుంటుందేమోనని. హైపోలోకి వెళ్తే ఎవరూ చూసేవాళ్ళు లేరు. పైగా అంకెలు కనబడవు, ఎనిమిది బదులు పద్దెనిమిది తిప్పినా తిప్పొచ్చు. వణుకొచ్చినా ఎవరినీ పిలవదు, ఆసుపత్రిలోనే పిలవలేదు."

నాలుగు వాక్యాల్లో మొత్తం కేసు చెప్పేసింది. నోట్సులో వేరేవేరే చోట్ల పడున్న నాలుగు ముక్కలు, కొత్త ఇన్సులిన్, మానేసే భోజనం, శుక్లాలు, ఇబ్బంది పెట్టకూడదనే స్వభావం, నాలుగూ కలిస్తేనే ప్రమాదం. ఐసీయూలో ఆరేళ్ళు పనిచేసిన మనిషికి అది కళ్ళముందు ఉంది. ఉత్తరంలో మాత్రం లేదు. తనకి తెలిసినదాన్ని తన చేతే తీసేయించింది ఆ టెంప్లేటు.

తర్వాత గంటసేపు కూర్చుని మళ్ళీ రాసింది. మొదటి పేరాలోనే విషయం: రేపు ఇంటికి వస్తున్న ఈ పేషెంటుకి మడమ పుండు కట్టు రోజు విడిచి రోజు మార్చాలి, కొత్తగా మొదలైన ఇన్సులిన్ తను సరిగా వేసుకుంటోందో లేదో చూడాలి, రెండోది మరింత తొందర. రెండో పేరా పూర్తిగా ఇన్సులిన్‌ది: మోతాదులు, ఆరో రోజు హైపో, రాత్రి తినకపోవడం, అంకెలు ఆనకపోవడం, అప్పుడు తను ఎవరినీ పిలవలేదన్న సంగతి. మూడో పేరా పుండుది: కొలత, ఇప్పటి స్థితి, ఎంతకొకసారి కట్టు, ఇంకా ఐదు రోజుల క్లిండమైసిన్, విరేచనాలు మొదలైతే డాక్టరుకి చెప్పమని ఒక మాట, పెన్సిలిన్ పడదని ఇంకో మాట. షుగరూ బీపీ పాతవి, ఒక్క వాక్యం. నాలుగో పేరా: ఒంటరి, రెండో అంతస్తు, మడమ మీద బరువు వెయ్యకూడదు గనక తలుపు తియ్యడానికి కిందికి రాలేదు, తాళంచెవి కింది వాటాలో ఉంది, కూతురు ఆదివారాలు వస్తుంది. ఆ తర్వాత ఏం కోరుతున్నదీ. జ్వరం, నిద్ర, అపెండిక్స్, లైబ్రరీ, మొక్కలు ఏవీ లేవు. లెక్కపెడితే 196 పదాలు.

ఇందులో ఇంగ్లిషు ముందు చిత్తుకంటే గొప్పదేం కాదు. ఒక 'ద' ఎక్కువైంది, ఇంకోచోట 'హాజ్'కి బదులు 'హాడ్' పడింది. అవి ఆ ఏడు మార్కుల్లో పోయే సంగతులు.

ఇదే నోట్సుతో డైటీషియన్‌కి రాయమంటే? రాత్రి భోజనం మొదటి వాక్యంలోకి వస్తుంది. 9.8 వస్తుంది, ఇన్సులిన్ వేళలు వస్తాయి, సరుకులు ఎవరు తెస్తున్నారన్నది వస్తుంది. పుండుకి ఒక వాక్యం చాలు, అది మానాలంటే తిండి కావాలి గనక. రోజు విడిచి రోజు కట్టు పోతుంది, తాళంచెవి పోతుంది. కూతురికే రాయమంటే 'హైపోగ్లైసీమియా' అన్న మాటే పోతుంది, దాని బదులు చెమటలు, వణుకు, తికమక మాటలు వస్తాయి, అలా కనబడితే ముందు ఏం తాగించాలో వస్తుంది. పేషెంటు మారలేదు. నోట్సు మారలేదు. చదివేవాళ్ళు మారితే ఏది ముఖ్యమన్నదే మారిపోయింది. దీన్ని ఏ అచ్చు కాగితమూ పట్టుకోలేదు.

నేను ఇలా అన్నప్పుడల్లా ఒక జవాబు వస్తుంది. "నీకేం, ఏసీలో కూర్చుని చెబుతావు. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చిన అమ్మాయికి ఆలోచించే ఓపిక ఎక్కడిది? టెంప్లేటు ఉంటే కనీసం ఒడ్డున పడుతుంది." ఈ వాదనని నేను తేలిగ్గా తీసుకోను. ఉత్తరం రూపం, చిరునామా ఎక్కడ, తేదీ ఎక్కడ, పేరు తెలిస్తే చివర "యువర్స్ సిన్సియర్లీ" అని రాయడం, ఇవి బట్టీ పట్టాల్సిందే, వాటి మీద ఆలోచన ఖర్చు చెయ్యకూడదు. కానీ చూడండి, టెంప్లేటు ఓపికని ఎక్కడ ఆదా చేస్తోంది? చదివే 5 నిమిషాల్లో. "ఇది ఏ పేరాలో పడుతుంది" అని వెతికే అమ్మాయి "ఇది ఆవిడకి ఎందుకు" అని అడగడం మానేస్తుంది. ఆ 5 నిమిషాల్లో పోయింది తర్వాతి 40 నిమిషాల్లో రాదు. మా చెల్లెలి 280, 290 అక్కడే ఇరుక్కున్నాయని నా నమ్మకం.

ఇంకో జవాబు కొంచెం చదువుకున్న వర్గం నుంచి వస్తుంది. ఇదంతా తెల్లవాళ్ళ గేటు, మన నర్సుల్ని వడకట్టడానికి పెట్టిన జల్లెడ, దాంట్లో రచన, పఠనం అని వెతకడం అమాయకత్వం అని. గేటే, కాదనను. ఫీజు అన్యాయంగా ఎక్కువ, అదీ కాదనను. నిజం వార్డులో నోట్సు ఇంత పద్ధతిగా ఉండదన్నదీ ఒప్పుకుంటాను. కానీ ఈ గేటు దగ్గర అడుగుతున్న ప్రశ్న దొంగ ప్రశ్న కాదు. ఆ ఉత్తరం అందుకునే నర్సు అక్కడ నిజంగా ఉంటుంది. రోజుకి ఎన్నో ఇళ్ళు తిరిగే ఆమె ఇంకో ఇంటి మెట్ల కింద నిలబడి అది చదువుతుంది. అందులో రాత్రి భోజనం సంగతి లేకపోతే నష్టపోయేది మార్కులు కాదు.

అసలు తప్పు కోచింగు సెంటరుతో మొదలవలేదు. మా చెల్లెల్ని అడిగాను, తొమ్మిదేళ్ళలో ఆసుపత్రిలో ఏం రాశావని. బీపీ, పల్సు, టెంపరేచరు, ఇన్‌టేక్, అవుట్‌పుట్. "మెడికేషన్ గివెన్ యాజ్ పర్ డాక్టర్స్ ఆర్డర్." "పేషెంట్ కంఫర్టబుల్." డిశ్చార్జి సమ్మరీ డాక్టర్లది. తను పనిచేసిన చోట ఒక్కసారి కూడా "నా అభిప్రాయంలో ఈ పేషెంటుకి ఫలానాది ప్రమాదం, మీరు ఫలానాది చూడండి" అని కాగితం మీద రాసి సంతకం పెట్టమని ఎవరూ అడగలేదు. నోటితో మాత్రం ప్రతి షిఫ్టు మారేటప్పుడూ అదే చెబుతుంది, అద్భుతంగా చెబుతుంది. "ఆరో బెడ్డు తాతయ్య నొప్పి ఉన్నా చెప్పడు, మొహం చూడు" అని. కాగితం దగ్గరికొచ్చేసరికి గడులు నింపడమే తన పని అయింది. అలాంటి మనిషిని గడులు లేని కాగితం ముందు కూర్చోబెట్టినప్పుడు ఇంకో గడుల కాగితం అమ్మడం సులువు.

ఇంకా వెనక్కి వెళ్తే స్కూల్లో లీవు లెటరు ఉంది. "ఆస్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్..." అని మనమందరం రాశాం, పెళ్ళికి వెళ్ళినా సరే. చివర "యువర్స్ ఒబీడియంట్లీ". ఆ ఉత్తరాన్ని హెడ్మాస్టరు చదవడని మనకి తెలుసు, చదవడని ఆయనకీ తెలుసు. మన చేత మొట్టమొదట రాయించిన ఉత్తరమే చదివేవాళ్ళు లేని ఉత్తరం. ఆ వినయం చేతికి అంటుకుని పోదు. 23 ఉత్తరాల్లో తొమ్మిదింట్లో "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" ఉంది. సాటి నర్సుకి రాస్తూ దణ్ణాలు పెట్టక్కర్లేదు. "రాత్రి ఇన్సులిన్ వేళకి మొదటి వారం మీరు వెళ్ళి చూడగలరా" అని సూటిగా, మర్యాదగా అడగాలి. పేషెంటు దగ్గరికొస్తే ఆ వినయమే తిరగబడి తీర్పవుతుంది: "షి ఈజ్ నాన్ కంప్లయంట్", "షి రెఫ్యూజెస్ డిన్నర్". ఆవిడ దేన్నీ నిరాకరించలేదు. ఒక్కదానికి వండుకోబుద్ధి కాక మానేస్తోంది. ఆ రెండు వాక్యాల మధ్య తేడా ఇంగ్లిషు తేడా కాదు. మొదటిది చదివిన నర్సు ఆవిడకి క్లాసు తీసుకుంటుంది. రెండోది చదివిన నర్సు రాత్రి భోజనం ఇంటికి వచ్చే ఏర్పాటు ఏదైనా ఉందేమో వెతుకుతుంది.

ఇది సాహిత్యం పత్రిక, ఇక్కడ నర్సింగు పరీక్ష గోల ఏమిటని మీలో కొందరికి అనిపిస్తుండొచ్చు. మన పుస్తక సమీక్షలు చదవండి. మొదటి పేరా రచయిత పరిచయం, రెండో పేరా నుంచి కథ వరసగా, చివర "అందరూ చదవాల్సిన పుస్తకం". చేరిన రోజు, ఆ మర్నాడు, ఆ పై రోజు, ఫర్దర్ కేర్ అండ్ మేనేజ్‌మెంట్. నేనూ అలాంటివి రాశాను, వెతికితే దొరుకుతాయి. ఎవరు చదువుతారో, వాళ్ళకి దీంట్లో ఏది కావాలో అడగకుండా, నా దగ్గర ఉన్న నోట్సంతా పూర్తి వాక్యాలుగా మార్చాను. మనకి 280 అని చెప్పేవాళ్ళు లేరు, అంతే తేడా.

కోచింగు నడిపేవాళ్ళని నేను అడిగేది పెద్ద విషయం కాదు. ఎర్ర పెన్ను తియ్యకముందు ఉత్తరాన్ని నోట్సు చూడని ఇంకో విద్యార్థి చేతికివ్వండి. "నువ్వే ఆ నర్సువి, రేపు పొద్దున ఆ ఇంట్లో ఏం చేస్తావో చెప్పు" అనండి. చెప్పగలిగితే ఉత్తరం పనిచేసినట్టు. తలుపు ఎలా తెరుచుకుంటుందో తెలియక తెల్లమొహం వేస్తే, తప్పు ఎక్కడుందో రాసిన అమ్మాయికే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆర్టికల్సు దిద్దండి, కాదన్నదెవరు? ఈ పరీక్షకి కొత్త పుస్తకాలు అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. పది నిమిషాలు పట్టేదానికి ఫీజు వసూలు చెయ్యడం కష్టమన్న సంగతి నాకూ తెలుసు.

మా చెల్లెలు వచ్చే నెల మూడోసారి రాస్తోంది. ఎంత వస్తుందో చెప్పలేను. మొన్న ఫోన్ చేసింది, ఇంకో కేసు మీద రాసిన ఉత్తరం చదివి వినిపించడానికి. చదవబోతూ ఆగి, "అన్నయ్యా, ముందు నువ్వెవరో చెప్పు, ఫిజియోథెరపిస్టువా, కొడుకువా?" అంది.